తెరమీద 4 రూపాయల 40 పైసలు తేడా, చేతికి మిగిలేదెంత? రెండు ఎక్స్ఛేంజ్‌ల మధ్య ఎక్స్‌ఆర్‌పీ లెక్క

మన దేశంలో రూపాయల్లో వ్యాపారం నడిపే రెండు క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లను పక్కపక్కన తెరిచి చూస్తే, ఒకే కాయిన్ ధర రెండుచోట్లా ఒకేలా ఉండటం అరుదు. ఒక శాతం, ఒకటిన్నర శాతం తేడా తరచూ కనిపిస్తుంది. మార్కెట్ ఊగిసలాడే రోజున రెండు శాతం దాటుతుంది. ఇక్కడ కొని అక్కడ అమ్మితే చాలు కదా అనిపిస్తుంది. అలా చేస్తే చివరికి ఏం మిగులుతుందో ఈ కేసులో మొదటి అంకె నుంచి ఆఖరి అంకె దాకా లెక్క కడదాం.

ఎక్స్ఛేంజ్‌లను ‘ఎ’, ‘బి’ అని పిలుద్దాం. రెండూ రూపాయి మార్కెట్లే. కాయిన్ ఎక్స్‌ఆర్‌పీ, పరిమాణం 1,000 కాయిన్లు, అంటే దాదాపు రెండు లక్షల రూపాయల వ్యవహారం. ధరలు, ఫీజులు లెక్క సులువుగా ఉండేలా నమూనాకు తీసుకున్నవి. మీరు వాడే ఎక్స్ఛేంజ్ ఫీజు పేజీ చూసి మీ అంకెలు పెట్టుకోండి, లెక్క కట్టే తీరు మారదు.

తెరమీది ధర, దొరికే ధర

ఎ తెరమీద ఎక్స్‌ఆర్‌పీ ధర 200.00. బి తెరమీద 204.40. తేడా 4.40 రూపాయలు, అంటే 2.2 శాతం. చాలామంది లెక్క ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతుంది.

తెరమీద పెద్ద అక్షరాల్లో కనిపించేది చివరిసారి జరిగిన లావాదేవీ ధర. అది పది సెకన్ల కిందటిది కావచ్చు. లావాదేవీలు పలచగా ఉన్న మార్కెట్లో పది నిమిషాల కిందటిదీ కావచ్చు. ఆ ధరకు ఇప్పుడు అమ్మేవాళ్లుగానీ కొనేవాళ్లుగానీ ఉన్నారన్న హామీ లేదు. మీకు దొరికే ధర ఆర్డర్ బుక్‌లో, అంటే ఎవరు ఏ ధరకు ఎన్ని కొంటామని, అమ్ముతామని ఆర్డర్లు పెట్టారో చూపే పట్టికలో ఉంటుంది. అందులోనూ మొదటి వరుస ఒక్కటే చూస్తే సరిపోదు, మీ 1,000 కాయిన్లు ఎన్ని వరుసల దాకా పోతాయో చూడాలి.

ఎ దగ్గర అమ్మడానికి పెట్టినవి, బి దగ్గర కొనడానికి పెట్టినవి ఇలా ఉన్నాయి:

| ఎ: అమ్మకం ధర | కాయిన్లు | బి: కొనుగోలు ధర | కాయిన్లు |
|---|---|---|---|
| 200.40 | 250 | 204.00 | 300 |
| 200.90 | 400 | 203.60 | 300 |
| 201.50 | 600 | 203.00 | 500 |

ఎ దగ్గర 1,000 కొనాలంటే మొదటి రెండు వరుసలూ పూర్తిగా తుడిచిపెట్టి, మూడో వరుసలో 350 తీసుకోవాలి. మొత్తం 2,00,985 రూపాయలు, సగటున కాయిన్‌కు 200.985. బి దగ్గర 1,000 అమ్మితే సగటున 203.48 వస్తుంది. తెరమీద 4.40గా కనిపించిన తేడా ఇక్కడికే 2.50 రూపాయలకు పడిపోయింది. 2.2 శాతం కాస్తా 1.24 శాతం అయింది. ఇంకా ఒక్క రూపాయి ఫీజు కూడా కట్టలేదు.

ఇంకో సంగతి. కొన్ని యాప్‌లలో ఆర్డర్ బుక్ ఉండదు, ‘కొనండి’, ‘అమ్మండి’ బటన్లే ఉంటాయి. వాటిలో చూపే ధరలోనే యాప్ తన లాభం కలిపేసి ఉంటుంది. అలాంటి ధరను ఆర్డర్ బుక్ ధరతో పోలిస్తే తేడా ఎప్పుడూ ఉన్నట్టే కనిపిస్తుంది. అది మార్కెట్ తేడా కాదు, ఆ యాప్ వసూలు చేసే ఫీజు. పోలిక ఎప్పుడూ ఆర్డర్ బుక్‌తో ఆర్డర్ బుక్‌కే ఉండాలి, అదీ ఒకే క్షణంలో తీసినవై ఉండాలి. ఒక ట్యాబ్ చూసి రెండో ట్యాబ్‌కు వెళ్లేలోపు గడిచే ఇరవై సెకన్లే కొన్నిసార్లు అర శాతం తేడాను పుట్టిస్తాయి.

ఫీజులు

ఆర్డర్ బుక్‌లో అప్పటికే ఉన్న ఆర్డర్‌ను తీసుకుంటే పడేది టేకర్ ఫీజు. ఇక్కడ రెండుచోట్లా 0.2 శాతం అనుకుందాం. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి నిజంగా పోయేది 0.236 శాతం. కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు ఒకసారి.

కొన్నప్పుడు 2,00,985 మీద 474 రూపాయలు ఫీజు. మొత్తం మీ జేబులోంచి పోయింది 2,01,459.

ఎ నుంచి బికి పంపేటప్పుడు విత్‌డ్రా ఫీజు 0.5 ఎక్స్‌ఆర్‌పీ అనుకుందాం. ఎక్స్‌ఆర్‌పీ లావాదేవీలు నమోదయ్యే నెట్‌వర్క్ అయిన ఎక్స్‌ఆర్‌పీ లెడ్జర్‌లో లావాదేవీకి కనీస ఫీజు 0.00001 ఎక్స్‌ఆర్‌పీ మాత్రమే. మిగతాదంతా ఎక్స్ఛేంజ్ తన ఖర్చుల కింద వేసుకునేది. ఇది శాతంలో కాకుండా కాయిన్లలో ఉంటుంది కాబట్టి చిన్న మొత్తాలకు బరువు, పెద్ద మొత్తాలకు లెక్కలోకి రానంత తేలిక. ఐదువేల రూపాయలతో ప్రయత్నిస్తే ఈ వంద రూపాయల ఫీజే రెండు శాతం అవుతుంది, వ్యవహారం అక్కడే ముగిసిపోతుంది. రెండు లక్షల మీద మాత్రం 0.05 శాతం.

బికి చేరేది 999.5 కాయిన్లు. అవి అమ్మితే 2,03,378.50 వస్తుంది. దాని మీద ఫీజు 480 పోగా 2,02,898.50 మిగులుతుంది. పెట్టిన 2,01,459 తీసేస్తే లాభం 1,439 రూపాయలు. అంటే 0.71 శాతం.

కాయిన్లు కదులుతున్న సమయంలో బి ధర కదలకపోతేనే ఈ 1,439. ఆ సంగతికి తర్వాత వద్దాం, ముందు పన్ను చూడాలి. మన దేశంలో ఈ లెక్కను తలకిందులు చేసేది అదే.

లాభం వచ్చినా చేతిలో డబ్బు తగ్గడం

2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ ఉంది. లాభం మీద కాదు, మొత్తం విలువ మీద. రూపాయి మార్కెట్లో అమ్మగానే ఎక్స్ఛేంజే కోసుకుని ప్రభుత్వానికి కడుతుంది. ఫీజు పోగా వచ్చిన 2,02,898 మీద ఒక శాతం అంటే 2,029 రూపాయలు.

కాబట్టి అమ్మిన క్షణాన బి ఖాతాలో కనిపించేది 2,00,869. మీరు పెట్టింది 2,01,459. లాభం వచ్చిన వ్యవహారంలోనే చేతిలో 590 రూపాయలు తగ్గాయి.

ఆ 2,029 పోయిన డబ్బేం కాదు. ఫారం 26AS లో మీ పేరున కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటై మిగిలింది వాపసు వస్తుంది. కానీ వాపసు వచ్చేదాకా పెట్టుబడిగా పనికిరాదు. ప్రతి చుట్టుకూ మూలధనంలో వందో వంతు ఆగిపోతుంది. లాభాలు పక్కనపెడితే, ముప్పై చుట్లు తిరిగేసరికి మొదట పెట్టిన డబ్బులో 74 శాతమే తిరుగుతూ ఉంటుంది. ‘రోజుకు అర శాతం, నెలకు పదిహేను శాతం’ అని చక్రవడ్డీ లెక్క వేసేవాళ్లు మర్చిపోయేది ఇదే.

రెండోది అసలు పన్ను. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. సర్‌చార్జి వర్తించని వాళ్లకు మొత్తం 31.2 శాతం. ఈ నిబంధనలో రెండు మాటలు మన వ్యవహారానికి ప్రాణం. ఒకటి, కొన్న ఖరీదు తప్ప వేరే ఏ ఖర్చూ లాభంలోంచి తీసేయడానికి లేదు. రెండు, ఒక వ్యవహారంలో వచ్చిన నష్టాన్ని ఇంకో వ్యవహారంలో వచ్చిన లాభంతో సర్దుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు.

నిబంధనను గట్టిగా చదివితే ఫీజులన్నీ ఖర్చుల కిందికే వస్తాయి. అంటే పన్ను పడేది 1,439 మీద కాదు, 2,03,378.50 లోంచి 2,00,985 తీసేస్తే వచ్చే 2,393.50 మీద. పన్ను 747 రూపాయలు. కొన్నప్పుడు కట్టిన ఫీజును కొనుగోలు ఖరీదులో కలపవచ్చా అన్నది మీ చార్టర్డ్ అకౌంటెంట్‌తో తేల్చుకోవలసిన విషయం. ముందు లెక్క మాత్రం కలపకుండానే వేసుకోవాలి.

1,439 లోంచి 747 తీసేస్తే 692 మిగిలింది. 2.2 శాతంగా మొదలైన తేడా 0.34 శాతానికి వచ్చింది.

ఈ లెక్కను ప్రతిసారీ చేత్తో వేయనక్కర్లేదు. ఆర్డర్ బుక్‌ను ధర, పరిమాణం జతలుగా ఇస్తే ఈ కొద్దిపాటి కోడ్ చాలు:

```python
def fill(levels, qty):
    total, left = 0.0, qty
    for price, size in levels:
        take = min(size, left)
        total += take * price
        left -= take
        if left <= 0:
            return total
    return None   # book too thin

FEE = 0.002 * 1.18
buy  = fill(asks_a, 1000)
sell = fill(bids_b, 1000 - 0.5)
net  = sell * (1 - FEE) - buy * (1 + FEE)
tax  = max(sell - buy, 0) * 0.312
cash = sell * (1 - FEE) * 0.99 - buy * (1 + FEE)
```

`net` పన్నుకు ముందు లాభం, `net - tax` అసలు లాభం, `cash` ఆ క్షణాన చేతిలో పెరిగిన లేదా తగ్గిన డబ్బు. ఈ కేసులో అవి వరుసగా 1,439, 692, మైనస్ 590. `fill` ఏమీ ఇవ్వకుండా `None` ఇచ్చిందంటే మీ పరిమాణానికి సరిపడా ఆర్డర్లు లేవని అర్థం. అప్పుడు పరిమాణం తగ్గించాలి. ఉన్నంతవరకు సగటు వేసి సరిపెట్టుకోకూడదు.

ఇరవై ఐదు నిమిషాలు ఎక్కడ పోతాయి

ఎక్స్‌ఆర్‌పీ లెడ్జర్ మూడు నుంచి ఐదు సెకన్లలో ఒక లావాదేవీని ఖాయం చేస్తుంది. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకొక బ్లాకు, పైగా ఒకటికి మించి కన్ఫర్మేషన్లు అడిగే ఎక్స్ఛేంజ్‌లే ఎక్కువ. అందుకే ఇలాంటి పనికి ఎక్స్‌ఆర్‌పీ లాంటి కాయిన్‌ను ఎంచుకుంటారు. అయితే ఐదు సెకన్ల నెట్‌వర్క్ అన్నంత మాత్రాన ఐదు సెకన్లలో చేరదు. ఆలస్యం నెట్‌వర్క్‌లో లేదు, ఎక్స్ఛేంజ్‌ల లోపల ఉంది.

ఈ కేసులో సమయం ఇలా గడిచిందనుకుందాం. కొనుగోలు ఆర్డర్లు పూర్తయి విత్‌డ్రా ఫారం నింపేదాకా రెండు నిమిషాలు. ఓటీపీ, మెయిల్ కన్ఫర్మేషన్ ఒక నిమిషం. ఆ తర్వాత స్థితి `Processing` అని చూపుతూ పదిహేను నిమిషాలు. ఎక్స్ఛేంజ్ తన రిస్కు పరీక్షలు చేసేది ఇప్పుడే, విత్‌డ్రాల కోసం ఆన్‌లైన్‌లో సిద్ధంగా ఉంచే హాట్ వాలెట్‌లో నిల్వ తక్కువైతే నింపుకునేదీ ఇప్పుడే. లావాదేవీ ఐడీ బయటికి వచ్చాక లెడ్జర్ మీద నాలుగు సెకన్లు. బి ఎక్స్ఛేంజ్ దాన్ని గుర్తించి, తన పరీక్షలు చేసి, మీ ఖాతాలో అమ్మకానికి వీలయ్యేలా జమ చేసేదాకా ఏడు నిమిషాలు. మొత్తం 25 నిమిషాలు.

ఈ అంకె మీ మార్గంలో ఎంతో తెలియాలంటే కొలవడం తప్ప దారి లేదు. కనీస మొత్తం పంపుతూ, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం అని వేర్వేరు వేళల్లో పది పదిహేను సార్లు చేసి నాలుగు సమయాలు రాసుకోవాలి: విత్‌డ్రా కోరిన సమయం, లావాదేవీ ఐడీ కనిపించిన సమయం, లెడ్జర్ లావాదేవీలను చూపే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఖాయమైన సమయం, బి దగ్గర అమ్మడానికి వీలైన సమయం. నాలుగోది జాగ్రత్తగా చూడాలి. కొన్నిచోట్ల బ్యాలెన్స్‌లో కాయిన్లు కనిపిస్తాయిగానీ ఇంకా కొంతసేపు లాకులోనే ఉంటాయి. సగటు ఒక్కటే కాదు, అన్నిటికన్నా ఆలస్యమైన రెండు మూడింటిని కూడా పక్కన పెట్టుకోండి. ధరల తేడా పెద్దగా ఉన్న రోజున అందరూ ఒకేసారి విత్‌డ్రా చేస్తారు కాబట్టి ఆ రోజు మీకు ఎదురయ్యేది సగటు కాదు, ఆ ఆలస్యాలే. చిన్న మొత్తాలతో కొలిచిన సమయం పెద్ద మొత్తానికి వర్తించకపోవచ్చనేదీ గుర్తుంచుకోవాలి. మనిషి చూసి ఆమోదించే పరిమితి చాలా ఎక్స్ఛేంజ్‌లలో ఉంటుంది. అందుకే ఒకసారైనా అసలు పరిమాణంతో పరీక్షించాలి.

కొన్ని ఆలస్యాలు నిమిషాల్లో ఉండవు. కొత్త అడ్రస్ చేర్చగానే 24 గంటలు విత్‌డ్రా ఆపే పద్ధతి చాలాచోట్ల ఉంది. పాస్‌వర్డ్ గానీ ఫోన్ గానీ మార్చినా అంతే. మొదటిసారి పంపేటప్పుడు ఆ వాలెట్ ఎవరిదో, ఏ ఎక్స్ఛేంజ్‌లోదో చెప్పమని ఫారం అడుగుతుంది. ఇవన్నీ తేడా కనిపించకముందే పూర్తిచేసి పెట్టుకోవలసిన పనులు.

ఎక్స్‌ఆర్‌పీ విషయంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం డెస్టినేషన్ ట్యాగ్. ఎక్స్ఛేంజ్‌లు సాధారణంగా వినియోగదారులందరికీ ఒకే అడ్రస్ ఇచ్చి, ఎవరి డబ్బు ఎవరిదో ఈ ట్యాగ్ అనే సంఖ్యతో గుర్తుపడతాయి. ట్యాగ్ మర్చిపోతే లెడ్జర్ మీద లావాదేవీ విజయవంతం అని చూపుతుంది, బి ఖాతాలో మాత్రం ఏమీ కనిపించదు. డబ్బు పోలేదు, బి దగ్గరే ఉంది. ఎవరిదో వాళ్లకు తెలియదు, అంతే. సపోర్టుకు లావాదేవీ ఐడీ పంపి తేల్చుకునేసరికి రోజులు పట్టవచ్చు. అప్పటికి ధర ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఆలస్యం ఖరీదును రూపాయల్లోకి మార్చడం

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్న. ఈ 25 నిమిషాల్లో బి ధర పడిపోతే?

0.5 శాతం పడిందనుకోండి. అమ్మకం 2,02,361 అవుతుంది. ఫీజులు పోగా లాభం 425. పన్ను ఫీజులతో సంబంధం లేకుండా 1,376 మీద లెక్కవేస్తారు కాబట్టి 429. మిగిలింది దాదాపు సున్నా, ఇంకా చెప్పాలంటే నాలుగైదు రూపాయలు నష్టం. కాయిన్ ధరలో అర శాతం అంటే దాదాపు ఒక రూపాయి. ఎక్స్‌ఆర్‌పీకి అది మామూలు కదలిక.

0.8 శాతం పడిందనుకోండి. ఫీజులన్నీ పోగా 184 రూపాయలు నష్టం. అయినా కొన్న ధరకన్నా అమ్మిన ధర 766 రూపాయలు ఎక్కువ కాబట్టి దాని మీద 239 రూపాయలు పన్ను కట్టాలి. నష్టపోయి, ఆ పైన పన్ను కట్టి, మొత్తం 423 పోగొట్టుకున్నట్టు. ఈ నష్టాన్ని మరో చుట్టులో వచ్చిన లాభంతో సర్దుకునే వీలూ లేదు. ఇలా ఒకచోట కొని ఇంకోచోట అమ్మే ఆర్‌బిట్రేజ్ గురించి విదేశీ మార్కెట్లను ఉద్దేశించి రాసిన లెక్కలు మనకు పనికిరానిది ఇక్కడే.

కాబట్టి అసలు ప్రశ్న ఏమిటంటే, మీ మార్గంలో పట్టే సమయంలో బి ధర 0.5 శాతానికి మించి పడే అవకాశం ఎంత? దీన్ని ఊహించనక్కర్లేదు, లెక్కపెట్టవచ్చు. బి ఆర్డర్ బుక్‌లో కొనుగోలు ధరను నిమిషానికొకసారి రెండు వారాలపాటు ఫైలులో రాసుకోండి. ప్రతి నిమిషం ధరనూ, 25 నిమిషాల తర్వాతి ధరనూ పోల్చి, వందకు ఎన్నిసార్లు 0.5 శాతానికి మించి పడిందో లెక్కపెట్టండి.

ఈ కేసులో 25 నిమిషాల కదలికల ప్రామాణిక విచలనం, అంటే అవి సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 0.5 శాతం అనుకుందాం. కదలికలు సున్నాకు రెండువైపులా గంట ఆకారపు నార్మల్ పంపిణీలో ఉంటే వందలో దాదాపు 16 సార్లు ధర అంతకుమించి పడుతుంది. ఆరింట ఒకసారి నష్టం.

ఆలస్యం రెండు గంటలైతే? కదలిక పరిమాణం సమయానికి వర్గమూలంతో పెరుగుతుంది. 120 నిమిషాలు 25కు 4.8 రెట్లు, దాని వర్గమూలం 2.2. అంటే 1.1 శాతం. అప్పుడు 0.5 శాతానికి మించి పడేది వందలో 32 సార్లు, మూడింట ఒకసారి. అదే తేడా, అవే ఫీజులు. విత్‌డ్రా ఆలస్యం ఒక్కటే మారింది.

ఇదీ కాస్త ఆశాజనకమైన లెక్కే. రెండు కారణాలు. తేడా పెద్దగా కనిపించే వేళల్లో మార్కెట్ మామూలుకన్నా ఎక్కువగా ఊగుతుంటుంది కాబట్టి రెండు వారాల సగటు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. రెండోది, మీకు కనిపించిన తేడా ఇతరులకూ కనిపిస్తుంది. మీ కాయిన్లు చేరేసరికి వేరేవాళ్లవి ముందే చేరి బి ధరను కిందికి దించేసి ఉంటాయి. అందుకే ధరనే కాదు, తేడా ఎంతసేపు నిలబడుతోందో కూడా అదే ఫైలులో రాసుకోవాలి. ఒకటిన్నర శాతం తేడా సగటున పది నిమిషాల్లో సగానికి తగ్గిపోతున్న మార్కెట్లో 25 నిమిషాల మార్గం ఎందుకూ పనికిరాదు.

పెద్ద తేడా ఏం చెబుతోంది

ఇంతవరకూ ఒకటి రెండు శాతాల మాట. ఎనిమిది, పది శాతం తేడా గంటల తరబడి నిలిచి ఉంటే? దాన్ని అవకాశంగా కాదు, లక్షణంగా చూడాలి. ఎక్కడో ఒక తలుపు మూసుకుపోయింది. ఏ తలుపో ఆ తేడా దిశే చెబుతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మౌంట్ గాక్స్. టోక్యోలోని ఈ ఎక్స్ఛేంజ్ 2013 జూన్ 20న డాలర్ల విత్‌డ్రాలు రెండు వారాలు ఆపుతున్నట్టు ప్రకటించింది. జూలైలో మళ్లీ మొదలుపెట్టామని చెప్పినా డబ్బు చేతికి రావడానికి వారాలు, నెలలు పట్టేది. ఆ నెలల్లో మౌంట్ గాక్స్‌లో బిట్‌కాయిన్ ధర మరో ఎక్స్ఛేంజ్ బిట్‌స్టాంప్‌లో కన్నా గట్టిగా ఎక్కువ ఉండేది, చాలాసార్లు పది శాతం పైనే. కారణం సూటిగానే ఉంది. లోపల డాలర్లు చిక్కుకున్నవాళ్లకు బయటపడే దారి బిట్‌కాయిన్ ఒక్కటే. ఎంత ధరైనా పెట్టి కొని, కాయిన్లు బయటికి పంపేసుకునేవాళ్లు. బిట్‌స్టాంప్‌లో కొని అక్కడ అమ్మినవాడికి కాగితం మీద పది శాతం లాభం. చేతికి మాత్రం అదే చిక్కుపడిన డాలర్లు.

2014 ఫిబ్రవరి 7న మౌంట్ గాక్స్ బిట్‌కాయిన్ విత్‌డ్రాలు కూడా ఆపేసింది. కొద్దిరోజుల్లోనే అక్కడి ధర మిగతా మార్కెట్ కన్నా బాగా కిందికి పడిపోయింది. బయటికి తీసుకుపోలేని కాయిన్ కాయిన్ కాదు, ఆ సంస్థ ఇచ్చిన మాట మాత్రమే. ఫిబ్రవరి 28న సంస్థ దివాలా రక్షణ కోరింది.

దీన్నుంచి పనికొచ్చే గుర్తు ఒకటి ఉంది. ఒక ఎక్స్ఛేంజ్‌లో ధర మిగతావాటికన్నా పెద్ద మొత్తంలో, నిలకడగా ఎక్కువ ఉంటే అక్కడ డబ్బు బయటికి వచ్చే దారినో, కాయిన్ లోపలికి వచ్చే దారినో అనుమానించాలి. తక్కువ ఉంటే కాయిన్ బయటికి వచ్చే దారినో, డబ్బు లోపలికి వెళ్లే దారినో అనుమానించాలి. మన ఎక్స్ఛేంజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. ఎ దగ్గర ఎక్స్‌ఆర్‌పీ బాగా చవగ్గా ఉంటే, ఆర్డర్ పెట్టేముందు ఎక్స్‌ఆర్‌పీ విత్‌డ్రా తెరిచి ఉందో లేదో వాలెట్ స్థితి పేజీలో చూడాలి. బి దగ్గర డిపాజిట్ తెరిచి ఉందో లేదో చూడాలి. బి నుంచి రూపాయలు బ్యాంకుకు చేరుతున్నాయో లేదో ఒక చిన్న విత్‌డ్రాతో చూడాలి. నెట్‌వర్క్ అప్‌గ్రేడ్ వేళ ఒక కాయిన్ వాలెట్‌ను మాత్రమే కొన్ని గంటలు ఆపడం మామూలే, ట్రేడింగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. తెరమీద కనిపించే పెద్ద తేడాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కొన్ని యాప్‌లలో కాయిన్లను బయటికి పంపే వీలే ఉండదు. వాటి ధరను పోలికలోకి తీసుకోవడమే తప్పు.

రెండువైపులా ముందే నిల్వ పెట్టుకుంటే

ఆలస్యాన్ని తప్పించుకునే పద్ధతి ఒకటుంది. ఎ దగ్గర రూపాయలు, బి దగ్గర ఎక్స్‌ఆర్‌పీ ముందే ఉంచుకుని, తేడా కనిపించగానే ఎ దగ్గర కొంటూ అదే సెకనులో బి దగ్గర అమ్మడం. ధర పడుతుందన్న భయం ఆ వ్యవహారం వరకు ఉండదు. కాయిన్లను తిరిగి బికి పంపే పని తీరిగ్గా చేసుకోవచ్చు, 25 నిమిషాలైనా రెండు గంటలైనా ఫర్వాలేదు.

దీనికి ధర వేరే రూపంలో చెల్లిస్తాం. పెట్టుబడి దాదాపు రెట్టింపు కావాలి. బి దగ్గర ఉంచిన 1,000 ఎక్స్‌ఆర్‌పీ రోజంతా మార్కెట్‌తో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది. రెండు ఎక్స్ఛేంజ్‌లలో ఏది విత్‌డ్రాలు ఆపినా మీ డబ్బు అందులో ఉంటుంది.

పన్నులో ఒక మెలిక కూడా ఉంది. బి దగ్గర మీరు అమ్ముతున్నవి ఈ రోజు ఎ దగ్గర కొన్న కాయిన్లు కాదు, ఎప్పుడో కొని ఉంచినవి. ముందు కొన్నవి ముందు అమ్మినట్టు లెక్కించే పద్ధతిలో, అవి 150 రూపాయలకు కొన్నవైతే 203.48కి అమ్మినప్పుడు లాభం కాయిన్‌కు 53 రూపాయల పైన. ఆర్‌బిట్రేజ్‌లో వచ్చింది కాయిన్‌కు రెండున్నర రూపాయలు. పన్ను మాత్రం 53 మీద పడుతుంది, అంటే 16 రూపాయల పైచిలుకు. పాత నిల్వ మీద పన్ను ఎప్పుడో ఒకప్పుడు కట్టవలసిందే అయినా, అది ఈ ఏడాదే మీద పడుతుంది. కాబట్టి ఈ పద్ధతికి వాడే నిల్వ ఇప్పటి ధరకు దగ్గరగా కొన్నదై ఉండాలి. పాత పెట్టుబడి ఉన్న ఖాతాను దీనికి వాడకూడదు.

ఇక మన కేసు సంగతి. పంపి అమ్మే పద్ధతిలో ఆర్డర్ బుక్ తేడా దాదాపు 0.74 శాతం ఉంటే పన్ను తర్వాత లాభం సున్నా. దానికి ఆలస్యం ఖరీదు కలపాలి: 25 నిమిషాల మార్గానికి 0.5, రెండు గంటల మార్గానికి 1.1. అంటే మొదటిదానికి 1.24, రెండోదానికి 1.84 శాతం తేడా ఉంటేనే చేయి వేయాలి. తెరమీది ధరలో కాదు, మీ పరిమాణానికి ఆర్డర్ బుక్‌లో వచ్చే సగటు ధరలో. ఈ కేసులో ఉన్నది 1.24. వేగవంతమైన మార్గంలోనూ అంచు మీదే ఉంది, వదిలేయవలసిన వ్యవహారం. పరిమాణాన్ని 500కు తగ్గిస్తే ఎ దగ్గర సగటు 200.65, బి దగ్గర 203.84 అవుతాయి, తేడా 1.59 శాతానికి పెరుగుతుంది, విత్‌డ్రా ఫీజు బరువు 0.05 నుంచి 0.1 శాతానికి పెరిగినా సరే. 25 నిమిషాల మార్గంలో, రెండు వాలెట్లూ తెరిచి ఉన్నాయని చూసుకున్నాక చేయదగింది ఆ 500 కాయిన్ల వ్యవహారమే.